ఎసిటైల్‌సిస్టీన్ కొనేవాళ్లు జాగ్రత్త: ముందు డబ్బా వెనక లేబుల్ చదవండి

ఊపిరితిత్తులు శుభ్రపడతాయి, మూడ్ బాగుంటుంది అని రాసి ఉన్న ఎసిటైల్‌సిస్టీన్ (ఎన్‌ఏసీ అని కూడా అంటారు) క్యాప్సూల్స్ డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించాను. ముందు వైపు పెద్ద అక్షరాలతో 1800 మిల్లీగ్రాములు అని ఉంది. వెనక్కి తిప్పితే, చిన్న అక్షరాల్లో, అది ఒక సర్వింగ్ లెక్క, సర్వింగ్ అంటే 3 క్యాప్సూల్స్, అవి కూడా పరగడుపున ఒకేసారి వేసుకోవాలట. మామూలుగా కఫానికి వాడే మోతాదు రోజుకు 600 మిల్లీగ్రాములు, కొందరికి రెండు పూటలా 600. వాళ్లు రాసినట్టే వేసుకుంటే కడుపులో వికారం, ఛాతీలో మంట, ఆ తర్వాత విరేచనాలు. తిన్న తర్వాత ఒక్కటే వేసుకుంటే చాలావరకు తగ్గింది. ఈ మందుకి కడుపు ఇబ్బంది కొత్తేమీ కాదు, మోతాదు పెరిగే కొద్దీ, ఖాళీ కడుపైతే ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు పరగడుపున మూడు వేసుకోమని రాయడం ఏంటి?

ఇక వాసన. ఎన్‌ఏసీలో గంధకం ఉంటుంది కాబట్టి మూత తీస్తే కొద్దిగా కుళ్లిన గుడ్డు వాసన రావడం సహజమే, దానికి భయపడక్కర్లేదు. కానీ రెండో డబ్బా తెరిస్తే గదంతా కంపు, క్యాప్సూల్స్ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, లోపలి తెల్లని పొడి పసుపుగా మారి గడ్డ కట్టింది. తేమ తగిలితే ఈ పదార్థం పాడవుతుంది. అమ్మినవాళ్లని అడిగితే "వాసన నేచురలే" అని ఒకే జవాబు, గడ్డల గురించి, రంగు గురించి ఒక్క మాట లేదు. అలాంటి డబ్బా వాడకండి, ఫొటోలు తీసి వాపసు అడగండి.

డబ్బా మీది మాటల సంగతి కూడా చెప్పాలి. ఎన్‌ఏసీ చిక్కటి కఫాన్ని పలుచన చేస్తుంది, అది నిజం. సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడటం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో, రెండు పూటలా 600 వాడితే జబ్బు తిరగబెట్టడం కొంత తగ్గిందని చైనాలో జరిగిన పెద్ద అధ్యయనం 2014లో చెప్పింది, రోజుకు ఒక్కసారి 600 ఇచ్చిన అంతకుముందు యూరప్ అధ్యయనంలో అలా తేలలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఊపిరితిత్తులు కడిగేస్తుందనడం మాత్రం వట్టి ప్రచారం. మూడ్ విషయానికొస్తే, బైపోలార్, అంటే కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే మానసిక జబ్బు ఉన్నవాళ్లకి మామూలు మందులతో పాటు రోజుకు 2000 మిల్లీగ్రాములు నెలల తరబడి ఇస్తే దిగులు తగ్గినట్టు 2008లో ఒక అధ్యయనంలో కనిపించింది, తర్వాత చేసిన కొన్నింటిలో ఆ ఫలితం రాలేదు. దీన్ని నమ్ముకుని డాక్టర్ రాసిన మందు ఆపేస్తే ప్రమాదం.

ఆస్తమా ఉన్నవాళ్లకి దీనితో శ్వాసనాళాలు బిగుసుకునే అవకాశం ఉంది. గుండె నొప్పికి నైట్రోగ్లిజరిన్ వాడేవాళ్లకి బీపీ బాగా పడిపోవచ్చు, తీవ్రమైన తలనొప్పి రావచ్చు. నేను కొన్న డబ్బా మీద ఈ రెండింటిలో ఒక్కటీ రాయలేదు, కాబట్టి ఈ ఇబ్బందులు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఆర్డర్ పెట్టొద్దు.