వైఫై నీరసిస్తే ఫోన్ తనంతట తానే డేటాకు మారాలా, మనమే మార్చుకోవాలా: ఏది మేలు?

మా నాన్న అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో మా ఇంట్లో రెండు నెలలున్నారు. వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, ఆయన ఫోన్‌కు ఈరోజు డేటాలో 90 శాతం అయిపోయిందని మెసేజ్ వచ్చింది. "ఏమిరా, ఇంట్లో వైఫై ఉందంటివి గదా, మరి నా డేటా ఎట్ల అయిపోతాంది?" అన్నారు.

ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో డేటా వాడకం చూశాను. యూట్యూబ్ పక్కన మొబైల్ డేటా లెక్కలో 1.6 జీబీ ఉంది. ఆయనది రోజుకు 2 జీబీ ప్లాన్. రౌటర్ హాల్లో టీవీ వెనకుంది. నాన్న మంచం లోపలి గదిలో, రెండు గోడలు, ఒక బాత్రూమ్ అవతల. మంచం మీద పడుకుని పాత నాటకాల వీడియోలు పెట్టుకుంటారు. అక్కడ వైఫై అందీ అందనట్టు ఉంటుంది. ఫోన్ కాసేపు చూసి, ఇది పనికిరాదనుకుని, చెప్పాపెట్టకుండా సిమ్ డేటాకు మారిపోతోంది. పైన వైఫై గుర్తు పోయి 4జీ అని రావడం తప్ప ఇంకే సూచనా లేదు. కళ్లద్దాలు పక్కన పెట్టి చూసే మనిషికి అదేం కనిపిస్తుంది?

ఈ మార్పిడి ఒక సెట్టింగ్ చేసే పని. ఐఫోన్‌లో దాని పేరు Wi-Fi Assist. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా పేజీ తెరిచి, యాప్‌ల జాబితా దాటి అట్టడుగుకు వెళ్తే కనిపిస్తుంది. 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది, మనం ముట్టుకోకపోతే ఆన్‌లోనే ఉంటుంది. దాని కిందే ఇప్పటిదాకా ఇలా ఎంత డేటా ఖర్చయిందో అంకె కూడా చూపిస్తుంది. శాంసంగ్‌లో కనెక్షన్స్, వైఫై, పైన మూడు చుక్కలు, Intelligent Wi-Fi, అందులో Switch to mobile data. పిక్సెల్‌లో Adaptive Connectivity అనే పేజీ. షావోమీ, వన్‌ప్లస్, ఒప్పో ఫోన్లలో వైఫై సెట్టింగ్స్‌లో Wi-Fi assistant అని ఉంటుంది. మోడల్‌ని బట్టి మాటలు కొంచెం మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ వెతుకు పెట్టెలో వైఫై అని కొట్టి చూడటం తేలిక.

ఇక అసలు ప్రశ్న: దీన్ని ఆన్‌లో ఉంచాలా, ఆపేసి అవసరమైనప్పుడు మనమే వైఫై తీసెయ్యాలా?

జవాబు వెతికే ముందు ఒక తేడా గమనించాలి. వైఫై బాలేదు అనే మాట కింద రెండు వేర్వేరు రోగాలున్నాయి. ఒకటి, ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య సిగ్నల్ నీరసించడం. నాన్న మంచం సంగతి ఇదే. రెండోది, సిగ్నల్ నిండుగా ఉండి రౌటర్ వెనకున్న లైన్ పడిపోవడం. కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్‌కు మారినప్పుడు మా ఇంట్లో ఇదే జరుగుతుంది. రౌటర్‌కు కరెంటు వచ్చేస్తుంది, కింద సెల్లార్‌లో ఉన్న కేబుల్ వాళ్ల డబ్బాకు మాత్రం రాదు. ఫోన్‌లో వైఫై గీతలు నిండుగానే ఉంటాయి, ఒక్క పేజీ తెరుచుకోదు.

రెండో రోగాన్ని ఫోన్ ఎలా పట్టుకుంటుందంటే, వైఫైకి కలవగానే ఒక చిన్న పరీక్ష పెడుతుంది. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ సర్వర్‌లో ఈ చిరునామాను అడుగుతుంది:

```
http://connectivitycheck.gstatic.com/generate_204
```

204 అనే ఖాళీ జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు. రాకపోతే లేనట్టు, అప్పుడు డేటా వైపు చూస్తుంది. లైన్ పూర్తిగా చచ్చిపోయినప్పుడు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. మా ఆవిడ ఆఫీసు మీటింగ్ మధ్యలో జనరేటర్ మారిందంటే, ఆటోమేటిక్ మార్పిడి ఉన్న తన ఫోన్‌లో మాట కాసేపు ఆగి మళ్లీ అందుకుంటుంది. అది ఆపేసి ఉంచుకున్న నా ఫోన్‌లో మీటింగ్ తెర గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. నేను లేచి, పైనుంచి కిందికి లాగి, వైఫై తీసేసేలోగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన వంతు దాటిపోతుంది. ఈ పోటీలో ఆటోమేటిక్‌దే గెలుపు, అనుమానం లేదు.

కానీ పరీక్ష అంత చిన్నది కావడంలోనే తిరకాసు కూడా ఉంది. మా బామ్మర్ది మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. మూడంతస్తులకు ఒకే కనెక్షన్, రాత్రి తొమ్మిది దాటితే అందరూ దాని మీదే. కారిడార్‌లోనే రౌటర్ ఉంది కాబట్టి గీతలు నిండుగా ఉంటాయి. ఆ ఖాళీ జవాబు నత్తనడకన ఉన్న లైన్‌లో కూడా వచ్చేస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లు వేగం కూడా అంచనా వేస్తాయి గానీ, వాడి ఫోన్ మాత్రం ఇంటర్నెట్ ఉంది, సిగ్నల్ ఉంది, ఇంకేం కావాలి అన్నట్టు అక్కడే అతుక్కుని ఉంటుంది. సెట్టింగ్ ఆన్‌లోనే ఉందిరా అంటాడు వాడు. ఉంటే ఏం లాభం? అలాంటి చోట చేత్తో వైఫై తీసెయ్యడమే దారి.

చేత్తో తీసేసే పద్ధతికి దాని తిప్పలు దానికున్నాయి. తీసేసిన సంగతి మర్చిపోతాం. మర్నాడు ఇంట్లో వైఫై బంగారంలా ఉన్నా ఫోన్ డేటా మీదే నడుస్తుంటుంది. ఐఫోన్ వాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది: పైనుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో వైఫై బొమ్మ నొక్కితే అది పూర్తిగా ఆగదు, తెల్లవారి ఐదింటి దాకా మాత్రమే విడిపోయి ఉంటుంది. పూర్తిగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లాల్సిందే.

మరి నాన్న సంగతి? మొదట నేను చేసింది అందరూ చేసేదే, ఆ సెట్టింగ్ ఆపేశాను. డేటా ఖర్చు ఆగింది. కానీ ఆ రాత్రి మా చెల్లితో వాట్సాప్ వీడియో కాల్ మాట్లాడుతుంటే నాలుగు నిమిషాల్లో మూడుసార్లు బొమ్మ బిగుసుకుపోయింది. వైఫై బలం చూపించే ఉచిత యాప్ ఒకటి వేసి గది గదికీ నడిచాను. రౌటర్ పక్కన -48, హాలు గుమ్మంలో -61, నాన్న దిండు దగ్గర -79. ఈ లెక్కలో సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. వీడియో కాల్ నిలకడగా సాగాలంటే -67 దాకా ఉంటే మేలంటారు. -80 దగ్గరికి వస్తే ఉన్నా లేనట్టే. అంటే ఆయన పడుకునే చోటు సరిగ్గా అంచు మీదుంది. అక్కడ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఫోన్ అటూ ఇటూ ఊగుతుంది, ఆఫ్‌లో ఉంటే చచ్చీచెడీ వైఫైనే పట్టుకుని వేలాడుతుంది. రెండూ బాధే.

అటూ ఇటూ ఊగడం ఎందుకు చెడ్డదంటే, వైఫై మీద ఫోన్‌కు బయటి ప్రపంచానికి కనిపించే చిరునామా ఒకటి, సిమ్ డేటా మీద వేరొకటి. మారిన ప్రతిసారీ నడుస్తున్న సంభాషణలు చాలావరకు తెగి, కొత్త చిరునామాతో మళ్లీ మొదలవ్వాలి. వాట్సాప్ లాంటివి ఆ అతుకు వాటంతట అవే వేసుకుంటాయి, మనకు రెండు మూడు సెకన్ల మౌనం మాత్రమే తెలుస్తుంది. డబ్బు పంపే యాప్‌లో మాత్రం తిరుగుతున్న చక్రం అలాగే నిలబడిపోవచ్చు. అలా జరిగితే వెంటనే రెండోసారి పంపొద్దు. ముందు ఆ యాప్‌లోనే పాత లావాదేవీల జాబితా తెరిచి, మొదటిది వెళ్లిందో లేదో చూసుకోవాలి.

చివరికి నాన్న ఫోన్‌లో సెట్టింగ్ మళ్లీ ఆన్ చేశాను. బదులుగా యాప్‌లకు కళ్లెం వేశాను. ఫోన్ ఈ మార్పిడి మనకు చెప్పకపోయినా యాప్‌లకు దాచదు. ఇప్పుడు నడుస్తున్నది సిమ్ డేటా అని వాటికి తెలుస్తుంది. అందుకని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వీడియో నాణ్యత దగ్గర మొబైల్ నెట్‌వర్క్‌కు Data saver పెట్టాను. వాట్సాప్‌లో Storage and data లోకి వెళ్లి, మొబైల్ డేటా మీద ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా టిక్కులన్నీ తీసేశాను. ప్లే స్టోర్‌లో యాప్‌లు వైఫై మీదే దిగాలని పెట్టాను. నాన్న రోజువారీ డేటా వాడకం అర జీబీ లోపలికి వచ్చేసింది. ఐఫోన్‌లో ఇంకా సులువు: అదే మొబైల్ డేటా పేజీలో ప్రతి యాప్‌కూ విడిగా స్విచ్ ఉంటుంది, వద్దనుకున్నదాన్ని ఆపేస్తే సరి. ఐఫోన్ సొంతంగా కొంత జాగ్రత్త పడుతుంది కూడా. Wi-Fi Assist తెర మీద తెరిచి ఉన్న యాప్‌కే పనిచేస్తుంది, వెనకాల జరిగే డౌన్‌లోడ్‌లకు కాదు. రోమింగ్ డేటాలో ఉన్నప్పుడు అసలు పనిచేయదు.

కాబట్టి నా మొగ్గు ఆన్ వైపే, యాప్‌ల కళ్లెంతో. 5జీ అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉన్నవాళ్లకు కళ్లెం కూడా అక్కర్లేదనిపించొచ్చు. అయితే లోపలి గదుల్లో సిగ్నల్ 4జీకి పడితే అక్కడ వాడింది రోజువారీ కోటాలోంచే పోతుంది, అది చూసుకోవాలి.

ఆపెయ్యమని నేను చెప్పేది ఒక్క సందర్భంలో. కొత్త సీసీ కెమెరానో, కారు డాష్‌క్యామ్‌నో ఫోన్‌తో కలిపేటప్పుడు అది తన సొంత వైఫై ఇస్తుంది, అందులో ఇంటర్నెట్ ఉండదు. ఫోన్ తన పరీక్ష పెట్టుకుని, జవాబు రాలేదని డేటాకు జారుకుంటుంది. యాప్ కెమెరా కోసం వెతుకుతూనే ఉంటుంది, పరికరం దొరకలేదంటుంది. మా గుమ్మం కెమెరా పెట్టిన రోజు దానితో నలభై నిమిషాలు కుస్తీ పట్టి, డబ్బా వాపసు పంపేద్దామనుకున్నాను. మొబైల్ డేటా తీసేసి మళ్లీ ప్రయత్నిస్తే ఒక నిమిషంలో కలిసింది.

అన్నట్టు, నాన్న మంచం దగ్గరి -79 ఏమైందంటే, రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి, హాలుకూ లోపలి గదికీ మధ్యనున్న గోడ అలమరా మీద పెట్టాం. ఆరు మీటర్ల కేబుల్ ఖర్చు. ఇప్పుడు దిండు దగ్గర -66 చూపిస్తోంది. ఆయన ఫోన్‌లో 4జీ గుర్తు గేటు దాటి పార్కుకు వెళ్తేనే వస్తోంది.