'ఉపవాస మిక్చర్' ప్యాకెట్ కొనేవాళ్లకు హెచ్చరిక: ముందువైపు కాదు, సీజనింగ్ బ్రాకెట్ చదవండి

ఏకాదశి, శివరాత్రి, నవరాత్రులు దగ్గరపడ్డాయంటే ఆన్‌లైన్‌లో 'ఉపవాస', 'ఫలాహారి', 'వ్రత' అని రాసిన మిక్చర్లు, చిప్స్ బోలెడు కనిపిస్తాయి. అలాంటి ఒక ప్యాకెట్ మీద ముందువైపు పెద్ద అక్షరాలతో 'సైంధవ లవణంతో చేసినది' అని ఉంది. వెనక్కి తిప్పితే కథ వేరు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా లేబుల్ ఒక్కరిదే కాదు కాబట్టి, చదవడం తెలిస్తే ఏ ప్యాకెట్‌నైనా పట్టుకోవచ్చు.

వెనకవైపు ఉన్నది దాదాపు ఇది: బంగాళాదుంప తురుము, పామోలిన్ నూనె, వేరుశనగ గుళ్లు, చక్కెర, సీజనింగ్ (అయోడైజ్డ్ ఉప్పు, మాల్టోడెక్స్‌ట్రిన్, మసాలా దినుసులు, సైంధవ లవణం, ఇంగువ, ఐఎన్ఎస్ 330, ఐఎన్ఎస్ 551). ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే అడిటివ్‌లకు ఇచ్చిన అంతర్జాతీయ అంకె. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస: 'వేరుశనగ, గోధుమ కలిగి ఉంది'.

ముందు ఉప్పు సంగతి. మన దేశంలో పదార్థాల జాబితాను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. బ్రాకెట్‌లో అయోడైజ్డ్ ఉప్పు మొదట ఉండి, సైంధవ లవణం మసాలాల తర్వాత వచ్చిందంటే, పడింది ఎక్కువగా మామూలు ఉప్పే. ముందువైపు మాట పూర్తి అబద్ధం కాదు, చిటికెడు సైంధవం పడే ఉంటుంది. వ్రతంలో సముద్రపు ఉప్పు తినని ఇంటికి మాత్రం ఆ ప్యాకెట్ పనికిరాదు. ఉత్త 'ఉప్పు' అని రాసినా మామూలు ఉప్పే అనుకోండి. సైంధవం వేసిన కంపెనీ దాన్ని చెప్పుకోకుండా ఉండదు. ఐఎన్ఎస్ 536 కనిపిస్తే కూడా అనుమానించాలి. అది పొడి ఉప్పు గడ్డకట్టకుండా కలిపేది. 551 మాత్రం మసాలా పొడుల్లోనూ వాడతారు కాబట్టి, అది ఒక్కటే ఉంటే ఏమీ తేలదు. నల్ల ఉప్పును సైంధవం లెక్కలో వేయకండి, రెండూ వేరు.

ఇక గోధుమ. జాబితాలో మైదా లేదు, గోధుమ పిండి లేదు, అయినా కింద గోధుమ ఉందన్నారు. ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువగా ఇంగువ నుంచి. మనం కొనే పొడి ఇంగువ స్వచ్ఛమైన ఇంగువ కాదు. దాని ఘాటు తగ్గించి, పొడిగా నిలిచేలా చేయడానికి తుమ్మజిగురు లాంటి బంకతోపాటు మైదానో, బియ్యప్పిండో కలుపుతారు. ఆ డబ్బాలో అసలు ఇంగువ కంటే పిండే ఎక్కువ. ఏకాదశికి ధాన్యం ముట్టనివాళ్లు ఇంట్లో పోపులో ఇంగువ మానేసి, ప్యాకెట్ రూపంలో అదే మైదా తింటున్నారన్నమాట.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సీజనింగ్ లాంటి మిశ్రమం మొత్తం సరుకులో 5 శాతం కంటే తక్కువైతే, అందులో ఏమేం ఉన్నాయో విడదీసి రాయనక్కర్లేదని నిబంధన వెసులుబాటు ఇస్తుంది, తయారైన సరుకులో పని చేసే అడిటివ్‌లు తప్ప. అప్పుడు ఇంగువ పేరు కూడా కనబడదు. అయితే అలర్జీ కలిగించే పదార్థాలను ఎంత తక్కువ ఉన్నా చెప్పాల్సిందే. గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, సోయా, పాలు, వేరుశనగ ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే అలర్జీ వరుసను అలర్జీ ఉన్నవాళ్లకు వదిలేయకండి, ఉపవాసం ఉన్నవాళ్లకూ అదే మొదటి ఆధారం.

కానీ దానిమీదే భారం వేస్తే ఇంకో దెబ్బ తింటారు. బియ్యం, మొక్కజొన్న ఆ జాబితాలో లేవు. కాబట్టి ఇంగువలో బియ్యప్పిండి కలిపినా, చక్కెర పొడి ఉండకట్టకుండా కార్న్ స్టార్చ్ వేసినా అలర్జీ వరుస మౌనంగానే ఉంటుంది. పై ప్యాకెట్‌లో మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంది చూశారా? అది పిండిపదార్థం నుంచి తీసేది. మూలం మొక్కజొన్న కావచ్చు, బియ్యం కావచ్చు, కర్రపెండలం కావచ్చు. కర్రపెండలమైతే దుంపే కాబట్టి పేచీ లేదు. మూలం రాయకపోతే ధాన్యమనే అనుకుని పక్కన పెట్టండి. 'స్టార్చ్' అని ఊరికే రాసినా, ఐఎన్ఎస్ 1400ల్లో ఏదైనా అంకె కనిపించినా ఇదే లెక్క. బేకింగ్ పౌడర్‌లోనూ స్టార్చ్ కలుస్తుంది. ఉత్త సోడా, అంటే ఐఎన్ఎస్ 500, అయితే ఆ బాధ లేదు.

'మసాలా దినుసులు' అనే ఒక్క మాట కింద ఏమున్నాయో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. పసుపు, ఆవాలు, ధనియాలు వదిలేసేవాళ్లు మిరియాలు, జీలకర్ర అని విడివిడిగా పేర్లు రాసిన ప్యాకెట్టే తీసుకోవాలి. 330 అంటే సిట్రిక్ ఆమ్లం. ఇప్పుడు దాన్ని నిమ్మకాయల నుంచి కాక, చక్కెర ద్రావణాన్ని ఒక రకం బూజుతో పులియబెట్టి చేస్తారు. దీనికోసం ప్యాకెట్ వదిలేయాలా అన్నది ఇంటి పట్టింపు, మా దృష్టిలో ధాన్యం ముందు ఇది చిన్న విషయం. ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. ఉపవాసం గురించి దానికేమీ తెలియదు.

ఒకే లేబుల్ అందరికీ ఒకేలా పనిచేయదు. శనివారం అన్నం మాని ఉప్మానో, చపాతీనో తినే ఇంట్లో ఇంగువలో మైదా ఉన్నా తప్పులేదు, వాళ్లు చూసుకోవలసింది బియ్యప్పిండిని. ఏకాదశికి ధాన్యం, పప్పు రెండూ మానేవాళ్లు సోయా లెసిథిన్ (322), సోయా నూనె కూడా చూడాలి. ఊదలు, సామలతో చేసిన చిరుతిళ్లను ఉత్తరాది నవరాత్రి వ్రతాల్లో తింటారని అన్ని 'వ్రత' ప్యాకెట్లలోనూ వేస్తున్నారు. అవీ ధాన్యాలే కాబట్టి కఠినంగా ఏకాదశి చేసేవాళ్లకు పనికిరావు. కుట్టు అనే బక్‌వీట్, సింఘాడా అనే నీటికాయ, రాజ్‌గిరా అనే తోటకూర గింజల పిండ్లయితే గడ్డిజాతి ధాన్యాలు కావు, కానీ వాటిలో వేరే పిండి కలిపారేమో జాబితాలో చూసుకోండి.

సైంధవం పట్టింపు లేని ఇళ్లకైతే ఒక మాట. బంగాళాదుంప, నూనె, ఉప్పు అని మూడే పదార్థాలున్న మామూలు సాదా చిప్స్ ఈ 'ఉపవాస' మిక్చర్ కంటే ఎంతో నయం. 'గోధుమ వాడే చోటే తయారైంది' అనే హెచ్చరిక ఉంటే అదే యంత్రాల మీద వేరే సరుకూ నడుస్తుందని అర్థం. అది లేకపోయినంత మాత్రాన నడవదని కాదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మకందారు టైపు చేసిన వివరణ కాకుండా వెనక లేబుల్ ఫొటోను పెద్దది చేసి చదవండి. ఆ ఫొటో పెట్టకపోతే కొనకండి. అనుమానం ఉంటే ప్యాకెట్ మీది కస్టమర్ కేర్‌కు మూడే ప్రశ్నలు రాయండి: మాల్టోడెక్స్‌ట్రిన్ దేని నుంచి తీశారు, ఇంగువలో ఏ పిండి ఉంది, మొత్తం ఉప్పులో సైంధవం ఎంత. 'పూర్తిగా వ్రతానికి తగినదే' అని మాత్రం రాసి మూలం చెప్పని జవాబును జవాబుగా లెక్కించకండి. ఇప్పటికే కొనేసి ఉంటే ప్యాకెట్ విప్పకుండా ముందు, వెనక, బ్యాచ్ నంబరు ఫొటోలు తీసి వాపసు అడగండి. విప్పాక చాలామంది తీసుకోరు. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా ఆహార భద్రతా సంస్థవారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో అవే ఫొటోలతో ఫిర్యాదు పెట్టండి. అందులో 'మోసం' అని రాసేకంటే, ముందువైపు 'సైంధవ లవణంతో' అని ఉండగా వెనక అయోడైజ్డ్ ఉప్పు మొదట ఉందని ఆ రెండు వరుసలూ పక్కపక్కన చూపడం మేలు.