వేలిముద్ర హాజరు మెషీన్ కొంటున్నారా? "ఇప్పుడు అందరికీ పడుతోంది సార్" అంటే జాగ్రత్త

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లు నడిపేవాళ్లు వేలిముద్ర మెషీన్ కొనబోతుంటే ఇది ఒకసారి చదవండి. మెషీన్ వేళ్లు తీసుకోవట్లేదని ఫోన్ చేస్తే డీలర్ మనిషి వచ్చి, కాసేపు మెనూలో ఏదో నొక్కి, "సెట్టింగ్ మార్చా సార్, ఇప్పుడు అందరికీ పడుతోంది" అని వెళ్లిపోతాడు. మాకు అదే జరిగింది. ఏం మార్చాడో చెప్పలేదు. ఆ తర్వాత జీతాల లెక్కలు తారుమారయ్యాయి.

మా పాలిషింగ్ యూనిట్‌లో 180 మంది పనిచేస్తారు. స్లాబులు మోసి, తడి స్లర్రీలో చేతులు పెట్టి పెట్టి వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మెషీన్ పెట్టిన మొదటి వారం ఉదయం షిఫ్ట్‌కి గేటు దగ్గర పెద్ద క్యూ. వేలు తుడుచుకుని మళ్లీ పెట్టడం, వేరే వేలు పెట్టడం, తిట్టుకోవడం. డీలర్ మనిషి వచ్చి వెళ్లాక క్యూ మాయమైంది. అందరం సంతోషించాం కూడా.

తర్వాత జీతాల రోజున పాలిషింగ్‌లో చేసే ఒకామె వచ్చి, "రోజూ పొద్దున్నే వచ్చా గదయ్యా, నాకు నాలుగు రోజులు తగ్గించారేంది?" అని అడిగింది. సీసీ కెమెరాలో చూస్తే ఆమె నిజంగానే వచ్చింది, వేలు పెట్టింది, మెషీన్ "థాంక్యూ" అంది. కానీ ఆ నిమిషంలో హాజరు పడింది వేరే మనిషి పేరు మీద. ఆ మనిషి ఆ రోజు పెళ్లికని కనిగిరిలో ఉన్నాడు. తెర మీద పేరు ఒక్క క్షణం కనిపిస్తుంది. యంత్రాల మోతలో, తొందరలో అది ఎవరూ చదవరు, "థాంక్యూ" వినగానే లోపలికి పోతారు.

మెనూ తెరిచి చూస్తే `1:N Match Threshold` 35 నుంచి 15కి దిగి ఉంది. మెషీన్ వేలిముద్రను దాచుకున్న ముద్రతో పోల్చి ఒక మార్కు వేస్తుంది. ఆ మార్కు త్రెషోల్డ్ అనే గీత దాటితే సరే అంటుంది, లేకపోతే మళ్లీ పెట్టమంటుంది. గీత కిందికి దించితే అరిగిన వేళ్లు పాసవుతాయి, నిజమే. కానీ అదే గీత మీదుగా పరాయి ముద్రలు కూడా దాటేస్తాయి. సొంత వేలినే మెషీన్ కాదంటే దాన్ని తప్పు తిరస్కరణ అంటారు, పరాయి ముద్రని సరే అంటే తప్పు ఆమోదం. గీత జరిపి ఒకటి తగ్గిస్తే రెండోది పెరగాల్సిందే. క్యూ కనిపిస్తుంది కాబట్టి తిరస్కరణ గురించి అందరూ గోల చేస్తారు. తప్పు ఆమోదం మాత్రం చప్పుడు చేయదు.

డబ్బా మీద తప్పు ఆమోదం 0.0001 శాతం, తప్పు తిరస్కరణ 1 శాతం అని రాసి ఉంటుంది. మొదటి అంకె ఒక ముద్రను ఒకే ఒక్క పరాయి ముద్రతో పోల్చినప్పటిది, అంటే పది లక్షల పోలికల్లో ఒక తప్పు. మన మెషీన్ చేసే పని అది కాదు. నంబర్ ఏమీ కొట్టకుండా వేలు పెడితే లోపలున్న ముద్రలన్నిటిలో వెతుకుతుంది, `1:N` అంటే ఇదే. మనిషికి రెండు వేళ్లు ఎక్కిస్తే మా దగ్గర 360 ముద్రలు. గీత దాటిన మొదటి ముద్ర దగ్గరే ఆగే మెషీన్ అయితే, తన ముద్ర దాకా వచ్చేలోపు సగటున 180 పరాయి ముద్రలతో పోలిక జరుగుతుంది. రాకపోకలకి కలిపి రోజుకి 360 సార్లు వేళ్లు పడతాయి. డబ్బా మీది అంకె నిజమే అనుకున్నా, ఈ లెక్కన దాదాపు పదిహేను రోజులకి ఒకటి తప్పు మనిషి మీద పడుతుంది. ఇది భరించొచ్చు. గీత దించాక పదివేల పోలికల్లో ఒక తప్పు వస్తోందనుకోండి. వినడానికి చిన్నదే. కానీ 180 పోలికలంటే ప్రతి పంచ్‌కి 1.8 శాతం, రోజుకి ఆరేడు తప్పు హాజర్లు. దించిన త్రెషోల్డ్ దగ్గర అసలు రేటు ఎంతో డబ్బా మీద రాయరు, అడిగితే డీలర్‌కీ తెలియదు.

ఆ 1 శాతం తిరస్కరణ కూడా ఎవరి వేళ్ల మీద కొలిచారో అడగండి. ఆఫీసు ఉద్యోగుల వేళ్లకీ స్లర్రీలో నానిన వేళ్లకీ పోలికే లేదు. ముద్ర ఎక్కించడమే కుదరని మనుషుల్ని చాలాసార్లు ఆ లెక్కలోకే తీసుకోరు.

మీ దగ్గర ఇప్పటికే ఈ జబ్బు ఉందేమో చూసుకోవాలంటే సెలవు జాబితా తీసి మెషీన్ లాగ్‌తో పోల్చండి. సెలవులో ఉన్నవాడికి పంచ్ ఉంటే, లేదా ఒకే మనిషికి పొద్దున్నే పది నిమిషాల తేడాతో రెండు పంచ్‌లు ఉంటే అనుమానించాల్సిందే. మా లాగ్‌లో తప్పు పంచ్‌లు ఎక్కువగా ఇద్దరు ముగ్గురి పేర్ల మీదే పడ్డాయి. వాళ్ల ముద్రలు షిఫ్ట్ అయ్యాక మురికి చేతులతో ఎక్కించినవి. సగం గీతలే ఉన్న ముద్ర ఎవరి వేలు పెట్టినా అంతో ఇంతో కలుస్తుంది. ఆ ముద్రలు తీసేసి, చేతులు కడిగి ఆరాక, పని మొదలవకముందే మళ్లీ ఎక్కించాం. సగం గొడవ అక్కడే పోయింది.

మిగతా సగానికి మందు మెషీన్‌లోనే ఉంది, డీలర్ దాని జోలికే పోలేదు. `1:N Match Threshold`ని మళ్లీ 35కి పెంచాం. వేళ్లు బాగా అరిగిన ముప్పై మంది దాకా మాత్రం ముందు తమ నంబర్ కొట్టి తర్వాత వేలు పెడతారు. అప్పుడు ఆ ఒక్క మనిషి ముద్రలతోనే పోలిక. దానికి గీత వేరే, `1:1 Match Threshold`. దాన్ని కొంచెం తక్కువగా ఉంచినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే ఇక్కడ తప్పు జరగాలంటే ఎవడో కావాలనో పొరపాటునో వేరేవాడి నంబర్ కొట్టాలి, పైగా వాడి వేలు కలవాలి. రేషన్ దుకాణంలోనూ పద్ధతి ఇదే, ముందు కార్డు నంబర్, తర్వాత వేలు. అక్కడా ముసలివాళ్ల వేళ్లు పడవనేది వేరే సంగతి. రెండు చేతులూ అరిగిపోయిన నలుగురికి కార్డు ఇచ్చాం. వేలు పట్టని వాళ్ల కోసం అందరి గీతా దించడం అన్యాయం.

గీత ఎక్కడ పెట్టాలన్నది మీ నష్టాన్ని బట్టి ఉంటుంది. మాకు తప్పు తిరస్కరణ అంటే ఇంకోసారి వేలు పెట్టడం, అర నిమిషం. తప్పు ఆమోదం అంటే ఒకరి కూలి పోవడం, పైగా గొడవ. అందుకే వెతికే పద్ధతిలో గీత ఎత్తుగానే ఉంచాం. రెండు తప్పులూ సమానమయ్యే చోట పెట్టేయమని కొందరు సలహా ఇస్తారు. ఆ చోటు మెషీన్లను ఒకదాంతో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది గానీ, గేటు దగ్గర పెట్టడానికి కాదు.

షాపులో డెమో చూసి నమ్మకండి. ఐదారుగురి ముద్రలున్న మెషీన్‌లో తప్పు ఆమోదం కనపడే అవకాశం చాలా తక్కువ. ఒక్క తప్పూ రాని పరీక్ష గురించి ఒక మోటు లెక్క ఉంది: 3ని చేసిన పోలికల సంఖ్యతో భాగించండి, అసలు రేటు అంతవరకూ ఉండొచ్చు. 300 పోలికల్లో తప్పు రాకపోయినా రేటు నూటికి ఒకటి అయ్యుండొచ్చన్నమాట. మీ మనుషులందరి ముద్రలూ ఎక్కించి, వారం రోజులు పాత రిజిస్టర్ కూడా రాయించి, రెండూ పోల్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. మెనూ పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకోండి. త్రెషోల్డ్ ఎవరు మార్చినా పాత అంకె, కొత్త అంకె సర్వీసు కాగితం మీద రాసి సంతకం పెట్టాలని బిల్లులోనే రాయించుకోండి. మా డీలర్ దానికి ఇంతవరకూ ఒప్పుకోలేదు, అందుకే రెండో మెషీన్ అతని దగ్గర తీసుకోవట్లేదు.