బాయిలర్ డ్రమ్ము లెవెల్‌కు సింగిల్ ఎలిమెంటా, త్రీ ఎలిమెంటా: ఏది మేలు?

కాగితపు మిల్లులో డైజెస్టర్‌కు ఒక్కసారిగా ఆవిరి వాల్వు తెరిచారనుకుందాం. గంటకు 60 టన్నులు ఇస్తున్న బాయిలర్ ఇప్పుడు 80 టన్నులు ఇవ్వాలి. ఫీడ్ వాటర్ ఇంకా 60 దగ్గరే ఉంది కాబట్టి బాయిలర్‌లో నీరు తరుగుతోంది. అయినా డ్రమ్ము మట్టం పెరుగుతున్నట్టు తెర మీద కనిపిస్తుంది.

ట్రాన్స్‌మిటర్ తప్పేమీ లేదు, మట్టం నిజంగానే పెరిగింది. ఆవిరి ఎక్కువగా లాగినప్పుడు డ్రమ్ము ప్రెషర్ పడుతుంది. అక్కడి నీరు అప్పటికే మరిగే స్థితిలో ఉంటుంది కనుక ప్రెషర్ కాస్త తగ్గినా నీరు మరుగుతూ డ్రమ్ములోకి ఎక్కే రైజర్ గొట్టాల్లో బుడగలు పెరిగి, తమ చోట ఉన్న నీటిని డ్రమ్ములోకి తోస్తాయి. గిన్నెలో పాలు పొంగితే పాలు ఎక్కువైనట్టు కాదు కదా! దీన్నే స్వెల్ అంటారు. లోడు తగ్గినప్పుడు ప్రెషర్ పెరిగి బుడగలు అణగుతాయి, మట్టం దిగుతుంది. అది ష్రింక్. ఫీడ్ వాటర్ ఒక్కసారిగా పెంచినా ఇదే జరుగుతుంది. చల్లటి నీటికి బుడగలు అణగి, నీరు పోస్తున్నా మట్టం ముందు కిందికి పోతుంది.

సింగిల్ ఎలిమెంట్ లూప్‌కు తెలిసింది మట్టం ఒక్కటే. స్వెల్‌ను చూసి నీరు ఎక్కువైందనుకుని ఫీడ్ వాల్వు మూయడం మొదలుపెడుతుంది. లెక్క వేసి చూద్దాం. డ్రమ్ము వ్యాసం 1.5 మీటర్లు, పొడవు 8 మీటర్లు అనుకుంటే, సగం నిండినప్పుడు నీటి ఉపరితలం 12 చదరపు మీటర్లు. 45 బార్ దగ్గర నీటి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 790 కిలోలు, అంటే ఒక మిల్లీమీటరు మట్టానికి దాదాపు 9.5 కిలోల నీరు. గంటకు 20 టన్నుల తేడా అంటే సెకనుకు 5.6 కిలోలు, నిమిషానికి 35 మిల్లీమీటర్ల లోటు. కంట్రోలర్ మోసపోయి ఫీడ్‌ను మరో 5 టన్నులు తగ్గిస్తే లోటు నిమిషానికి 44 మిల్లీమీటర్లకు చేరుతుంది. మంట పెరిగి ప్రెషర్ కోలుకున్నాక స్వెల్ దిగుతుంది, అప్పటిదాకా కనిపించని లోటంతా ఒకేసారి బయటపడుతుంది. కంగారుగా వాల్వు తెరిస్తే చల్లటి నీటి ష్రింక్ దానికి తోడవుతుంది. బాయిలర్‌ను ఆపేసే లో లెవెల్ ట్రిప్పులు ఇలా కూడా వస్తాయి.

మట్టం కదిలితే వాల్వు ఎంత కదలాలో చెప్పే గెయిన్ తగ్గిస్తే సరిపోదా? మోసపోవడం తగ్గుతుంది, కానీ అసలు లోటును పూడ్చడమూ ఆలస్యమవుతుంది. మట్టం తనంతట తాను ఎక్కడా నిలవదు. లోపలికి వచ్చేదానికీ బయటికి పోయేదానికీ తేడా ఉన్నంతసేపూ అది కదులుతూనే ఉంటుంది.

ఆవిరి ఫ్లోను ఫీడ్‌ఫార్వర్డ్‌గా కలిపితే టూ ఎలిమెంట్ అవుతుంది. ఆవిరి 20 టన్నులు పెరిగితే మట్టం ఏం చెబుతున్నా వాల్వు ఆ మేరకు తెరుచుకోవాలి, మట్టం చేసేది చిన్న సవరణే. ఫీడ్ హెడర్ ప్రెషర్ నిలకడగా ఉండే చోట ఇది బాగానే నడుస్తుంది. రెండు బాయిలర్లకు ఒకే హెడర్ ఉంటే మాత్రం పక్క బాయిలర్ నీరు లాగినప్పుడు అదే వాల్వు తెరుపులో తక్కువ నీరు వస్తుంది. ఆ సంగతి మట్టం పడ్డాక గానీ తెలియదు.

త్రీ ఎలిమెంట్‌లో ఫీడ్ ఫ్లోను కూడా కొలిచి లోపల వేగమైన లూప్ పెడతారు. దాని సెట్‌పాయింట్ ఆవిరి ఫ్లో, లెవెల్ కంట్రోలర్ సవరణ కలిసి వచ్చే అంకె. హెడర్ ప్రెషర్ పడితే మట్టం కదలకముందే లోపలి లూప్ వాల్వును సరిచేస్తుంది. లెవెల్ కంట్రోలర్‌ను నెమ్మదిగానే ఉంచాలి, అయితే తేడా ఉన్నంతసేపూ సవరణను పెంచుతూ పోయే ఇంటెగ్రల్‌ను తీసేయకూడదు. ఆవిరి మీటరు 3 శాతం తక్కువ చూపితే 80 టన్నుల దగ్గర 2.4 టన్నుల తేడా వస్తుంది, మలినాలు పోవడానికి డ్రమ్ము నుంచి వదిలే బ్లోడౌన్ నీరు అసలు కొలతలోకే రాదు. ఇవన్నీ పూడ్చేది ఇంటెగ్రలే.

లోడు ఊగే చోట, హెడర్ పంచుకునే చోట నా ఓటు త్రీ ఎలిమెంట్‌కే. అలాగని దానికీ చిక్కులు లేకపోలేదు. స్వెల్ పైకి ఎగదోస్తున్నప్పుడే ఇది నీరు పెంచుతుంది కాబట్టి, చిన్న డ్రమ్ములో మట్టం హై లెవెల్ దాకా పోయి నీటి తుంపరలు సూపర్‌హీటర్‌లోకి పోవచ్చు. అలాంటి చోట ఫీడ్‌ఫార్వర్డ్‌కు కొన్ని సెకన్ల ఆలస్యం కలుపుతారు. రెండో చిక్కు స్టార్టప్‌లో వస్తుంది. ఆరిఫిస్ మీటరులో డిఫరెన్షియల్ ప్రెషర్ ఫ్లో వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, లోడు 25 శాతం ఉంటే అది పూర్తి రేంజిలో 6 శాతమే, ఆ ఫ్లో అంకెను నమ్మలేం. అందుకే సుమారు 25-30 శాతం లోడు దాకా సింగిల్ ఎలిమెంట్‌లో నడిపి, తర్వాత వాల్వు కుదుపు లేకుండా త్రీ ఎలిమెంట్‌కు మారుస్తారు. లోడు దాదాపు కదలని చిన్న బాయిలర్‌కైతే సింగిల్ ఎలిమెంటే చాలు, రెండు ఫ్లో మీటర్ల ఖర్చు, క్యాలిబ్రేషన్ దండగ.

మీ లూప్ మోసపోతోందో లేదో ట్రెండు చెబుతుంది. ఆవిరి ఫ్లో, ఫీడ్ ఫ్లో, మట్టం ఒకే గ్రాఫులో పెట్టండి. ఆవిరి గీత లేవగానే ఫీడ్ గీత ముందు కిందికి వంగితే అది స్వెల్‌ను నమ్మిన లూప్. త్రీ ఎలిమెంట్ పెట్టాక కూడా అలాగే వంగుతుంటే లెవెల్ గెయిన్ ఎక్కువైనట్టు, లేదా ఫీడ్‌ఫార్వర్డ్ ఎవరో ఆఫ్ చేసి మరిచిపోయినట్టు.