బరంపురం ఉక్కలో రెండు పాలిస్టర్ టీషర్టులు: ఏడాదిన్నర వాడాక

లేబుల్ మీద రెండింటికీ ‘100% పాలిస్టర్’ అనే ఉంది. ఒకటి మామూలు పల్చటి అల్లిక, రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. రెండోది జంట పొరలది. ఒంటికి తగిలేవైపు తేనెపట్టులా గుంటలు, బయట సన్న పోగుల నునుపు. వారానికి మూడు ఉతుకులు పడ్డాక మొదటిది పొద్దుటి పరుగుకి పనికిరాకుండా పోయింది, రెండోది ఇంకా బాగానే ఉంది.

పాలిస్టర్ పోగు తన లోపలికి నీళ్లు తీసుకోదు. మామూలు గాలిలో దాని బరువులో 0.4 శాతం తేమే పడుతుంది, నూలు 8 శాతం దాకా పడుతుంది. నూలుపోగు చెమట తాగి ఉబ్బి, సందుల్ని మూసేస్తుంది. అందుకే తడిసిన నూలు బనియన్ వీపుకి అంటుకుంటే ఒక పట్టాన ఆరదు. పాలిస్టర్‌లో చెమట పోగుల మధ్య సందుల్లోనే పాకుతుంది, ఒత్తిలో నూనెలా. సందు ఇరుకైనకొద్దీ లాగుడు గట్టి. జంట పొరల్లో లోపల లావు పోగులు, బయట సన్న పోగులు కనక చెమట బయటికే నడుస్తుంది. అదే చొక్కా తిరగేసి తొడిగితే వీపు జిగటగా ఉంటుంది. ఒకసారి చూడండి, నమ్మకం కుదురుతుంది.

మరి మొదటిది ఎందుకు పాడైంది? కొత్తలో దాని పోగుల మీద నీటిని ఇష్టపడే మందు పూత ఉంటుంది. చవక రకాల్లో అది ఉతుకు ఉతుక్కీ పోతుంది. ఇంట్లోనే తేల్చుకోవచ్చు: లోపలివైపు పైకి పెట్టి, డ్రాపర్‌తో ఒక చుక్క వేయండి. మంచి చొక్కాలో రెండు మూడు సెకన్లలో చుక్క మాయమై, బయటివైపు తడిమచ్చ లోపలి మచ్చకంటే పెద్దదవుతుంది. చుక్క ముత్యంలా నిలబడితే రెండు కారణాలుండొచ్చు. పూత పోయింది, లేదా వాసన కోసం ఆఖర్న వేసే కండిషనర్ పోగులకి జిడ్డులా పట్టింది. గోరువెచ్చని నీళ్లలో సర్ఫుతో అరగంట నానబెట్టి, కండిషనర్ లేకుండా రెండు మూడుసార్లు ఉతికి మళ్లీ చుక్క వేయండి. పీలిస్తే తప్పు కండిషనర్‌ది. అప్పటికీ నిలబడితే పూతే పోయింది, ఇక ఉతుకులతో తిరిగి రాదు. మా చవక చొక్కా సంగతి అదే.

ఇక మన ఊరి సంగతి. గుడ్డ చెమటను పరుస్తుందే గాని ఆరబెట్టేది గాలే. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 క్యాలరీల వేడి పోతుంది, కారిపోయిన చెమటతో దాదాపు ఏమీ పోదు. జులైలో సముద్రపు తేమ నిండిన బరంపురంలో ఎంత మంచి చొక్కా అయినా అరగంటకే పూర్తిగా తడిసిపోతుంది. డిసెంబరులో కోరాపుట్ కొండల మీద అదే చొక్కా ఎంత త్వరగా ఆరుతుందంటే, పరుగు ఆపగానే చలేస్తుంది. అక్కడికి వెళ్లేటప్పుడు పైన వేసుకోడానికి ఇంకోటి పెట్టుకోండి.