ఫార్ ఫీల్డ్ వివర్తనం చూడాలంటే ఏది మేలు: పొడవాటి కారిడారా, లెన్సా?

ఆప్టిక్స్ ల్యాబ్‌లో ప్రాజెక్టు మొదలుపెట్టే ఎమ్మెస్సీ విద్యార్థులు ఏటా అడిగే ప్రశ్నే ఇది. అపర్చర్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌ను కళ్లారా చూడాలంటే తెరను వీలైనంత దూరం జరపాలా, లేక ఒక లెన్స్ పెట్టి దాని ఫోకస్ దగ్గర చూడాలా? రెండూ ఒకటేనని పాఠంలో ఉంటుంది. కాగితం మీద ఒకటే, బల్ల మీదికి వచ్చేసరికి కాదు.

నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒక్కటే, మిగిలిపోయే ఫేజ్. అపర్చర్‌లో మధ్యనుంచి x దూరంలో ఉన్న బిందువు నుంచి z దూరంలోని తెరకు వెళ్లే కాంతి దారిలో x²/2z అనే భాగం ఉంటుంది. అది ఉన్నంతవరకు మనం చూసేది ఫ్రెనెల్ వివర్తనమే. అది లెక్కలోకి రానంత చిన్నదైతేనే తెర మీద ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ పడుతుంది. కారిడార్ పద్ధతిలో z పెంచి దాన్ని చిన్నది చేస్తాం. లెన్స్ అయితే దానికి సరిగ్గా ఎదురు ఫేజ్ చేర్చి కొట్టేస్తుంది.

ఎంత దూరం చాలు? యాంటెన్నాలవాళ్లు వాడే కొలమానం z = 2D²/λ. D అంటే అపర్చర్ వెడల్పు. ఆ దూరంలో అపర్చర్ అంచుకీ మధ్యకీ దారి తేడా λ/16కి తగ్గుతుంది. హీలియం-నియాన్ లేజర్‌కు, అంటే 633 నానోమీటర్లకు, లెక్క వేసి చూద్దాం. 0.1 మి.మీ. స్లిట్‌కు 3 సెంటీమీటర్లు చాలు. 1 మి.మీ.కి 3 మీటర్లు పైచిలుకు. 5 మి.మీ. అపర్చర్‌కు 79 మీటర్లు కావాలి. వెడల్పు యాభై రెట్లయితే దూరం రెండున్నర వేల రెట్లు అవుతుంది. ఇంచుమించు అంగుళం వెడల్పున్న అపర్చర్‌కైతే రెండు కిలోమీటర్లు నడవాలి.

పోనీ 79 మీటర్ల కారిడార్ దొరికిందే అనుకుందాం. 5 మి.మీ. వెడల్పున్న స్లిట్‌కు అక్కడ మధ్య శిఖరం నుంచి మొదటి నల్ల పట్టీ λz/D, అంటే 10 మి.మీ. దూరంలో ఉంటుంది. స్కేలుతో కొలవొచ్చు, అది బాగానే ఉంది. అయినా ఆ పట్టీ పూర్తిగా నల్లగా ఉండదు. λ/16 తేడా వల్ల అక్కడ మధ్య శిఖరం తీవ్రతలో 0.6 శాతం వరకు వెలుగు మిగులుతుంది. పక్కనున్న మొదటి చిన్న శిఖరమే 4.7 శాతం కాబట్టి ఇది కొట్టిపారేసేంత తక్కువేమీ కాదు. పైగా దారిపొడవునా కదిలే గాలి ఉంటుంది. ఏసీ వేసినా, తలుపు తీసినా నమూనా వణుకుతుంది.

ఇప్పుడు అదే అపర్చర్‌ను 500 మి.మీ. నాభ్యంతరం ఉన్న లెన్స్ ముందు పెట్టండి. లెన్స్ చేర్చే ఫేజ్ x²/2fకి ఎదురుగా ఉంటుంది కాబట్టి ఫోకస్ తలంలో ఆ భాగం పూర్తిగా పోతుంది. కెమెరాను ఫోకస్ నుంచి δ దూరం తప్పుగా పెడితే మిగిలే ఫేజ్ ఎంతంటే, లెన్స్ లేకుండా f²/δ దూరంలో తెర పెట్టినప్పుడు ఉన్నంత. 79 మీటర్ల కారిడార్‌తో సమానం కావాలంటే δ 3 మి.మీ. దాకా ఉండొచ్చు! స్క్రూ తిప్పి తప్పును 0.3 మి.మీ.కి తెచ్చారా, దాదాపు 800 మీటర్ల కారిడార్ మీ బల్ల మీదే ఉన్నట్టు. మిగిలే వెలుగు ఫేజ్ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, నల్ల పట్టీలో 0.6 శాతం కాస్తా 0.006 శాతమవుతుంది. లెన్స్ వైపు నేను మొగ్గడానికి కారణం ఇదే. 79 మీటర్ల చోటు దొరకడం అదృష్టం మీద ఆధారపడితే, మూడు మిల్లీమీటర్లు సరిచూసుకోవడం మన చేతిలో పని.

లెన్స్‌తో నమూనా చిన్నదవుతుంది, నిజమే. మొదటి నల్ల పట్టీ 63 మైక్రోమీటర్ల దగ్గర పడుతుంది. తెర మీద కంటితో చూడలేం, కెమెరా సెన్సర్‌నే అక్కడ పెట్టాలి. 3.45 మైక్రోమీటర్ల పిక్సెల్ అయితే ఆ దూరంలో 18 పిక్సెళ్లు పడతాయి, కొలతకు చాలు. అదే చతురస్రాకారపు అపర్చర్ అయితే కాంతి కారిడార్‌లో కంటే పాతిక వేల రెట్లు చిక్కగా పడుతుంది కాబట్టి ముందు ఫిల్టర్ పెట్టకపోతే మధ్య శిఖరం తెల్లగా మండిపోతుంది.

ఎక్కువమందికి పని చెడేది లెన్స్ దగ్గర కాదు, లెన్స్‌కు ముందు. అపర్చర్ మీద పడే కాంతి సమాంతరంగా లేకపోతే ట్రాన్స్‌ఫార్మ్ ఏర్పడేది f దగ్గర కాదు, ఆ కాంతి మూలం ప్రతిబింబం పడే చోట. లెన్స్ మీద రాసిన నాభ్యంతరాన్ని నమ్మి స్కేలుతో కొలిచి కెమెరా బిగిస్తే ఇక్కడే దెబ్బ తింటారు. ముందు అపర్చర్ తీసేయండి. కెమెరా ముందుకూ వెనక్కూ జరుపుతూ చుక్క అన్నిటికంటే చిన్నగా కనిపించే చోట బిగించండి. తర్వాతే అపర్చర్ పెట్టండి. లేజర్ కిరణం సాధారణంగా మిల్లీమీటర్ లోపే ఉంటుంది కాబట్టి, 5 మి.మీ. అపర్చర్ నిండాలంటే బీమ్ ఎక్స్‌పాండర్ తప్పదు. లేకపోతే మీకు కనిపించేది అపర్చర్ ట్రాన్స్‌ఫార్మ్ కాదు, లేజర్ కిరణానిదే.

తలం సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నాకు ఇష్టమైన పరీక్ష ఒకటుంది. అపర్చర్‌ను అడ్డంగా 1 మి.మీ. జరపండి. ట్రాన్స్‌ఫార్మ్‌లో జరుపుడు ఫేజ్‌గానే మారుతుంది, తీవ్రత ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి సరైన తలంలో నమూనా కదలదు. కెమెరా 5 మి.మీ. తప్పుగా ఉంటే 10 మైక్రోమీటర్లు, అంటే దాదాపు మూడు పిక్సెళ్లు పక్కకు పోతుంది. కారిడార్ పద్ధతిలో ఈ పరీక్షే లేదు, అపర్చర్ జరిపితే నమూనా కూడా అంతే జరుగుతుంది. ఇంకో గుర్తు నల్ల పట్టీల్లోనే ఉంది. గది వెలుతురు వల్ల అయితే అన్ని పట్టీలూ ఒకే మోతాదులో తేలిపోతాయి. ఫేజ్ మిగిలినందువల్ల అయితే మొదటి పట్టీ బాగా తేలిపోయి, దూరపు పట్టీలు నల్లగానే ఉంటాయి.

అపర్చర్‌ను లెన్స్ ముందు సరిగ్గా f దూరంలోనే పెట్టాలా అని కూడా అడుగుతుంటారు. ఫేజ్ కూడా కొలిచేవాళ్లకు అవసరం. కెమెరా తీవ్రతనే చూస్తుంది కాబట్టి మనకు అక్కర్లేదు. లెన్స్‌కు దగ్గరగా పెడితేనే మంచిది, వాలుగా వెళ్లే కిరణాలు లెన్స్ అంచు దాటి పోవు.

ఇంతకీ దూరక్షేత్ర వివర్తనానికి తన పేరు ఇచ్చిన ఫ్రౌన్‌హోఫర్ కూడా గోడ దగ్గరికి నడవలేదు. థియోడొలైట్ టెలిస్కోప్ ముందు స్లిట్లు, గ్రేటింగులు పెట్టుకుని చూశాడు, అంటే లెన్సే.

కారిడార్‌కు చోటు లేదని కాదు. స్లిట్ 0.1 మి.మీ. అయితే రెండు మీటర్ల దూరంలోని గోడ 2D²/λకి అరవై రెట్లకు పైనే ఉంటుంది. మొదటి నల్ల పట్టీ దాదాపు 13 మి.మీ. దగ్గర, క్లాసులో వెనక బెంచీకి కూడా కనిపించేంత పెద్దగా పడుతుంది. అక్కడ లెన్స్ పెట్టడం పని పెంచుకోవడమే.

కంప్యూటర్‌లో FFT చేసుకుంటే సరిపోదా అంటే, పోల్చి చూసుకోవడానికి సరిపోతుంది. అపర్చర్ చుట్టూ తగినన్ని సున్నాలు చేర్చకపోతే శిఖరాలు గరుకుగా వస్తాయి, అంతే. అది మీ లెన్స్ ఎక్కడ తప్పిందో చెప్పదు.

చివరిగా ఒక హద్దు. లెన్స్ వాడినా అపర్చర్ పెద్దదయ్యేకొద్దీ వెసులుబాటు తగ్గుతుంది. అనుమతించే తప్పు λf²/2D². 500 మి.మీ. లెన్స్‌తో 25 మి.మీ. అపర్చర్ వాడితే అది 0.13 మి.మీ.కి పడిపోతుంది, పైగా లెన్స్ గోళీయ దోషం కూడా బయటపడుతుంది. అప్పుడు f పెంచండి. మీటరు నాభ్యంతరం ఉన్న అక్రోమాట్ తీసుకుంటే తప్పుకు నాలుగు రెట్లు చోటు దొరుకుతుంది, నమూనా కూడా రెట్టింపవుతుంది.