పేమెంట్ గేట్‌వే వారికి: మీ దగ్గర ఆగిపోయిన నా డబ్బు గురించి

కొన్నేళ్లుగా మీ సర్వీసు వాడుతున్న చిన్న దుకాణదారుణ్ణి. ముందు మంచి చెప్తాను. పేమెంట్లు ఫెయిలవడం అరుదు, రెండు పనిదినాల్లో డబ్బు బ్యాంకులో పడేది. ఈ మధ్య వరకూ తోటి వ్యాపారులకు నేనే మీ పేరు చెప్పేవాణ్ణి.

ఇప్పుడు వారాలుగా సెటిల్‌మెంట్లు రావడం లేదు. డాష్‌బోర్డులో ప్రతి పేమెంట్ పక్కన captured అని ఉంది. అంటే కొన్నవాళ్ల ఖాతాలోంచి డబ్బు ఎప్పుడో వచ్చేసింది. సెటిల్‌మెంట్ గడిలో మాత్రం on hold. ఎందుకని అడిగితే ‘రిస్క్ టీమ్ రివ్యూలో ఉంది’ అన్న ఒక్క వాక్యమే, టికెట్ నంబరు మారి మళ్లీ మళ్లీ వస్తోంది.

రిస్క్ టీమ్ భయం నాకు అర్థమవుతుంది. కార్డుతో కొన్నవాళ్లు సాధారణంగా 120 రోజుల దాకా తమ బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడుగుతూ చార్జ్‌బ్యాక్ వేయొచ్చు. ఈలోగా నేను కొట్టు కట్టేస్తే ఆ నష్టం మీ నెత్తిన పడుతుంది. దానికే కదా రోలింగ్ రిజర్వ్ ఉంది! ప్రతి సెటిల్‌మెంట్‌లో పదో వంతో ఎంతో ఆపుతారు, చెప్పిన గడువుకి వదిలేస్తారు. అలా చేస్తే ఎంత సరుకు తెప్పించుకోవాలో నాకు తెలుస్తుంది. మీరు మొత్తం ఆపేశారు, తేదీ చెప్పలేదు.

దీనివల్ల ఏం జరిగిందో చూడండి. ఒకావిడ వస్తువు వాపసు చేశారు. అదే రోజు రిఫండ్ నొక్కాను. బ్యాలెన్స్ చాలదని వచ్చింది! ఆగిపోయిన సొమ్ము ఆ రిఫండ్‌కి ఎన్నో రెట్లుంది, కానీ మీ సిస్టమ్ దాన్ని బ్యాలెన్స్‌గా లెక్కపెట్టదట. జేబులోంచి వేరే డబ్బు జమ చేయమన్నారు. అది సర్దేలోపే ఆవిడ విసిగిపోయి బ్యాంకులో చార్జ్‌బ్యాక్ వేశారు. ఆవిడ తప్పేం లేదు. ఇక నేను రిఫండ్ కూడా పంపితే రెండుసార్లు పోతుందని ఆపేశాను. వస్తువు ధరతో పాటు మీ డిస్ప్యూట్ ఫీజూ నాకే పడింది. మర్నాడు మీ మెయిల్: చార్జ్‌బ్యాక్ నమోదైనందున రివ్యూ పొడిగిస్తున్నాం. మీరు డబ్బు ఆపడం వల్ల పుట్టిన చార్జ్‌బ్యాక్‌నే డబ్బు ఆపడానికి కారణంగా చూపిస్తే నేనెవరితో చెప్పుకోవాలి?

ఏ పేమెంట్ల మీద అనుమానమో ఐడీలు ఇవ్వండి. ఇన్‌వాయిస్, డెలివరీ రసీదు, కొన్నవారి మెసేజ్‌లు అన్నీ ఉన్నాయి, వెంటనే పంపిస్తాను. మిగతావి విడుదల చేయండి. అది కుదరకపోతే, కనీసం ఆపిన సొమ్ములోంచి రిఫండ్లు వెళ్లనివ్వండి. రిజర్వ్ పెట్టుకుంటామంటే శాతం, గడువు రాసి పంపండి, సంతకం చేస్తాను.

రేటింగ్: పేమెంట్ తీసుకోవడానికి నాలుగు స్టార్లు, తీసుకున్నది ఇవ్వడానికి ఒకటి. కొత్త ఆర్డర్ల పేమెంట్లు ఈ వారం నుంచి వేరే గేట్‌వేలో తీసుకుంటున్నాను. పాత డిస్ప్యూట్లు తేలేదాకా మీ ఖాతా మూయను.